జ్వరం తగ్గితే చాలా? ఫ్లూ తర్వాత బడికి, పనికి ఎప్పుడు వెళ్లాలి

పొద్దున్నే ఆరు గంటలకు పిల్లాడికి పారాసిటమాల్ పట్టి, ఏడున్నరకు నుదుటి మీద చెయ్యి వేసి చూసి, "చల్లగానే ఉందిలే" అనుకుని స్కూలు బస్సెక్కించడం చాలా ఇళ్లలో జరిగేదే. పదకొండు దాటేసరికి స్కూలు నుంచి ఫోనొస్తుంది, "బాబుకి ఒళ్లు కాలిపోతోంది, వచ్చి తీసుకెళ్లండి" అని. పొద్దున తల్లి చూసినప్పుడు ఒళ్లు నిజంగానే చల్లగా ఉంది. కాకపోతే అది మందు తెచ్చిన చల్లదనం. పారాసిటమాల్ పని నాలుగు నుంచి ఆరు గంటలు, ఇబుప్రోఫెన్ అయితే ఆరు నుంచి ఎనిమిది గంటలు. ఆ గడువు తీరగానే లోపలున్న జ్వరం మళ్లీ పైకొస్తుంది.

ఫ్లూ వచ్చినవాళ్లు ఎప్పుడు బయటికి వెళ్లొచ్చన్న ప్రశ్నకు వైద్యులు చెప్పే జవాబు ఒక్క వాక్యమే. జ్వరం తగ్గించే మందేదీ వేసుకోకుండానే 24 గంటలు జ్వరం రాకుండా ఉండాలి, మిగతా నలతా మొత్తం మీద తగ్గుముఖం పట్టాలి. ఇందులో మనవాళ్లు సాధారణంగా వదిలేసేది "మందేదీ వేసుకోకుండా" అన్న మాట. పైగా జలుబు మాత్రలని, దగ్గు జలుబు సిరప్‌లని మందుల షాపులో ఇచ్చే వాటిలో చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. "జ్వరం మాత్ర ఆపేశాం, జలుబు మాత్ర ఒక్కటే వేస్తున్నాం" అనేవాళ్లు ఒకసారి ఆ అట్ట వెనక్కి తిప్పి చూడాలి. అందులో పారాసిటమాల్ ఉంటే లెక్క ఇంకా మొదలు కానట్టే.

జ్వరం అంటే ఎంత? నోట్లో పెట్టిన థర్మామీటరు 100 డిగ్రీల ఫారన్‌హీట్ గానీ, ఆపైన గానీ చూపిస్తే జ్వరం కిందే లెక్క. చంకలో పెడితే అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ దాకా తక్కువ చూపిస్తుంది కాబట్టి అక్కడ 99 దాటినా అనుమానించాల్సిందే. ఏ వేళలో చూశామన్నది కూడా ముఖ్యమే. ఒంటి వేడి సహజంగానే తెల్లవారుజామున తక్కువగా, సాయంత్రానికి ఎక్కువగా ఉంటుంది. పొద్దున 98.4 చూసి సంతోషపడితే సాయంత్రానికి అది 100.5 కావచ్చు. అందుకే నా దృష్టిలో నమ్మదగ్గది సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది మధ్య, మాత్ర వేయకుండా చూసిన అంకె. ఒక్క సాయంత్రమైనా అలా గడవకుండా బ్యాగు సర్దకూడదు.

ఒక పిల్ల సంగతి తీసుకుని లెక్క వేద్దాం. ఐదో తరగతి పిల్ల. సోమవారం సాయంత్రం ఒళ్లునొప్పులు, గొంతునొప్పి, 102 జ్వరం. మంగళ, బుధవారాలు అలాగే గడిచాయి. గురువారం సాయంత్రం ఆరింటికి 101 ఉంటే ఆఖరి డోసు ఇచ్చారు. దాని ప్రభావం అర్ధరాత్రికి పోయింది. శుక్రవారం మందు లేకుండానే మధ్యాహ్నం 99, సాయంత్రం 98.8. ఆ అర్ధరాత్రికి 24 గంటలు పూర్తయ్యాయి. నియమం ప్రకారం శనివారం బడికి వెళ్లొచ్చు. మరునాడు ఎలాగూ ఆదివారం కనుక, ఆ ఒక్క రోజూ ఇంట్లోనే ఉంచి సోమవారం పంపితే పిల్లకీ ఓపిక వస్తుంది.

ఇప్పుడు ఇదే పిల్ల ఎప్పటి నుంచి ఎప్పటిదాకా ఇతరులకు అంటించగలదో చూద్దాం. ఫ్లూ లక్షణాలు బయటపడటానికి సుమారు ఒక రోజు ముందే అంటుకోవడం మొదలవుతుంది. అంటే ఆదివారం చుట్టాలింట్లో ఆడుకుంటున్నప్పుడే వైరస్ పంచుతూ ఉండొచ్చు. దాన్ని ఎవరూ ఆపలేరు. మొదటి మూడు నాలుగు రోజులు ఉధృతం ఎక్కువ. జ్వరం ఉన్న రోజులూ ఉజ్జాయింపుగా అవే కనుకే జ్వరాన్ని గుర్తుగా పెట్టుకున్నారు. ఆ తర్వాత తగ్గుతూ లక్షణాలు మొదలైన ఐదు నుంచి ఏడు రోజుల దాకా సాగుతుంది. చిన్నపిల్లల్లో, క్యాన్సర్ మందులో స్టెరాయిడ్లో వాడుతూ నిరోధక శక్తి తగ్గినవాళ్లలో ఇంకా ఎక్కువ రోజులు ఉండొచ్చు. కాబట్టి శనివారం నాటికి మన పిల్ల అంటించే అవకాశం బాగా తగ్గిందే గానీ పూర్తిగా పోలేదు.

ఈ మిగులు కోసమే అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2024లో ఇంకో మెట్టు చేర్చింది. 24 గంటల గడువు దాటి బయటికి వెళ్లాక, మరో ఐదు రోజులు మాస్కు పెట్టుకోవడం, గాలి ఆడేచోట కూర్చోవడం, చేతులు కడుక్కోవడం, వీలైనంత ఎడం పాటించడం. నీళ్ల సీసా పంచుకోకూడదని పిల్లకు విడిగా చెప్పాలి. ఆఫీసుల్లో అయితే ఏసీ గదిలో తలుపులు మూసి పెట్టే మీటింగులకు ఆ ఐదు రోజులూ ఫోన్లోనే హాజరు కావడం మేలు.

ఇంత చిన్న గడువు ఎందుకు, వారం రోజులు ఉంచేస్తే పోదా అనొచ్చు. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు మొదట చెప్పింది వారమే. మన దేశంలో తొలి కేసు ఆ మే నెలలో హైదరాబాద్‌లోనే నిర్ధారణ అయింది. ఆగస్టుకల్లా సీడీసీ దాన్ని జ్వరం లేని 24 గంటలకు మార్చింది. అంటే ఇది వైరస్ పూర్తిగా పోయిందని హామీ ఇచ్చే గీత కాదు, జనం పాటించగలిగేలా కుదుర్చుకున్న రాజీ. అందుకే ఆసుపత్రి వార్డులో పనిచేసేవాళ్లు, ఇంట్లో పసిబిడ్డో వృద్ధులో గర్భిణో ఉన్నవాళ్లు దీన్ని కనీస గడువుగానే తీసుకోవాలి. కొందరికి, ముఖ్యంగా పెద్దవయసువారికి, ఫ్లూలో జ్వరమే రాకపోవచ్చు. వాళ్లకు ఈ గుర్తు పనికిరాదు కనుక లక్షణాలు మొదలైనప్పటి నుంచి ఐదు రోజులు ఇంట్లో ఉండటం మంచిది.

దగ్గు సంగతి వేరు. అది రెండు వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే సాగుతుంది. జ్వరం పోయి, తిండి తింటూ, తరగతిలో కూర్చోగలిగే పిల్లను ఉత్త దగ్గు కోసం ఆపక్కర్లేదు. నెగెటివ్ రిపోర్టు తెమ్మని స్కూళ్లు అడగడంలోనూ అర్థం లేదు. చచ్చిన వైరస్ ముక్కలు మిగిలినా పీసీఆర్ పరీక్ష పాజిటివ్ చూపించగలదు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. పైన చెప్పిన లెక్కంతా ఫ్లూకే. మన దగ్గర వానాకాలంలో, ఆ వెంటనే వచ్చే జ్వరం డెంగీ కావచ్చు. డెంగీలో ప్రమాదం తరచూ జ్వరం తగ్గే సమయంలోనే మొదలవుతుంది. ముక్కు కారడం, దగ్గు లేకుండా జ్వరం వచ్చి, తగ్గే వేళకు కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, విపరీతమైన నీరసం కనిపిస్తే బడి మాట పక్కనపెట్టి ఆసుపత్రికి వెళ్లాలి. ఫ్లూలో కూడా ఒకటి రెండు రోజులు జ్వరం పూర్తిగా పోయి మళ్లీ ఎగబాకినా, దగ్గు ముదిరినా, ఆయాసం వచ్చినా న్యుమోనియా తోడైందేమోనని డాక్టరుకు చూపించాలి.

ఇక స్కూళ్లకు, ఆఫీసులకు ఒక విన్నపం. ఏడాదంతా ఒక్క రోజూ మానని పిల్లలకు బహుమతి ఇచ్చే పద్ధతి, జ్వరం సెలవుకు మొదటి రోజే డాక్టరు సర్టిఫికెట్ అడిగే పద్ధతి పారాసిటమాల్ మింగి రమ్మని చెప్పడమే. రోజు కూలీకి మూడు రోజులు మానడమంటే మూడు రోజుల తిండి పోవడం. అతన్ని పని మానమని చెప్పే ముందు, ఆ రోజుల కూలి చేతిలో పెట్టే ఏర్పాటు చేయండి.