కూరలో కారం ఎక్కువైతే

వండిన కూరలో కారం ఎక్కువైనప్పుడు మంట పుట్టించేది మిరపలోని క్యాప్సైసిన్ అనే పదార్థం. ఇది నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో బాగా కరుగుతుంది. నాలుక మీద వేడిని పసిగట్టే గ్రాహకాలు కొన్ని ఉంటాయి. క్యాప్సైసిన్ వాటికే అతుక్కుని, నోరు నిజంగా కాలుతోందన్న సంకేతాన్ని మెదడుకు పంపుతుంది. ఈ గ్రాహకాన్ని గుర్తించిన అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ 2021 నోబెల్ వైద్య బహుమతిని మరో శాస్త్రవేత్తతో కలిసి అందుకున్నారు. అసలు వేడికి కూడా స్పందించేది ఆ గ్రాహకమే కాబట్టి, పొగలు కక్కే కూర కంటే గోరువెచ్చగా ఉన్న కూరలో మంట తక్కువగా తెలుస్తుంది.

అందుకే దించిన వెంటనే గరిటెతో నాకి చూసి కంగారు పడకూడదు. కూరను కాస్త చల్లారనిచ్చి, తినేటప్పటిలాగే అన్నంలో కలుపుకుని రుచి చూడాలి. గరిటె మీద భరించలేనట్టున్న ఇగురు ముద్దలో సరిపోవచ్చు. రెండు మూడు సార్లు చూసిన నాలుక మొద్దుబారి సరిగా చెప్పలేదు. అంతవరకు రుచి చూడని మనిషి చేత చూపించడం మేలు.

మంట తగ్గించడానికి వంటింట్లో వాడే పద్ధతులన్నీ ఒక రకం కావు. తేలిన నూనె తీసేస్తే, లేదా కూర పరిమాణం పెంచితే ప్రతి ముద్దలోనూ క్యాప్సైసిన్ నిజంగానే తగ్గుతుంది. పాలు, పెరుగు దాన్ని కొంతవరకు పట్టి ఉంచుతాయి. తీపి, పులుపు మాత్రం కారాన్ని అంతే ఉంచి నాలుకకు తక్కువగా తోపిస్తాయి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఈ తేడాను బట్టే ఉంటుంది. చాలామంది ముందు చక్కెర డబ్బా అందుకుంటారు. దాంతో కూర తియ్యబడుతుంది, కారం మాత్రం కారంగానే ఉంటుంది.

ముప్పావు కిలో కోడి మాంసంతో వండిన కూరనే తీసుకుందాం. రెండు చెంచాల కారం వేయాల్సిన చోట మూడు పడ్డాయి. లేదా ఎప్పుడూ వాడే కారానికి బదులు తేజ రకం మిరపతో ఆడించిన కారం అదే కొలతలో పడింది. వండాక కూర మొత్తం సుమారు కిలో వచ్చింది. మొదటి పని మంట ఆపి పది నిమిషాలు కదపకుండా ఉంచడం. ఎర్రటి నూనె పైకి తేలుతుంది. క్యాప్సైసిన్ నూనెలో కరుగుతుంది కాబట్టి కారంలో గణనీయమైన భాగం అందులోనే ఉంటుంది. గిన్నెను ఒక పక్కకు వంచి రెండు మూడు గరిటెల నూనె తీసేస్తే తేడా తెలిసిపోతుంది. తీసిన నూనెను పారబోయనక్కర్లేదు, మర్నాటి వేపుడుకు వాడుకోవచ్చు.

తర్వాతది పరిమాణం పెంచడం. ఇక్కడి లెక్క సులువు. రెండు చెంచాలకు బదులు మూడు పడ్డాయంటే, కారం సరిపోవాలంటే కూర ఒకటిన్నర రెట్లు కావాలి. అంటే కిలో కూరకు ఇంకో అరకిలో చేర్చాలి. ఒక టమాటా, నాలుగు జీడిపప్పులు వేసినంత మాత్రాన ఫలితం కనిపించకపోవడానికి కారణం ఇదే. రెండు పెద్ద ఉల్లిపాయలు, రెండు టమాటాలు వేరే బాణలిలో మెత్తగా మగ్గించాలి. రెండు బంగాళాదుంపలు ఉడికించి ముక్కలు చేసుకోవాలి. వీటన్నిటినీ కూరలో కలిపి, గ్లాసుడు వేడినీళ్లు పోసి, ఏడెనిమిది నిమిషాలు సన్నని సెగ మీద ఉడకనివ్వాలి. పచ్చి ఉల్లిపాయ ముద్దను నేరుగా కలిపితే కూరంతా పచ్చివాసన వేస్తుంది కాబట్టి విడిగా మగ్గించే శ్రమ తప్పదు. ఒట్టి నీళ్లు మాత్రమే పోస్తే ఉప్పు, మసాలా, చిక్కదనం అన్నీ పలచబడతాయి. కారం మాత్రం తేలిన నూనెతో పాటు పైనే ఉండి, వడ్డించేటప్పుడు ఒకరి పళ్లెంలో ఎక్కువ, ఇంకొకరి పళ్లెంలో తక్కువ పడుతుంది.

బంగాళాదుంప కారాన్ని పీల్చేస్తుందని, కాసేపు వేసి తీసేస్తే చాలని ఒక నమ్మకం ఉంది. అది నిజం కాదు. దుంప పీల్చేది పులుసునే. ఆ పులుసులో ఎంత కారం ఉందో, గిన్నెలో మిగిలిన దానిలోనూ అంతే ఉంటుంది. దుంపను కూరలోనే ఉంచి అందరూ తింటేనే ప్రయోజనం.

ఇంకా మంట ఉందనిపిస్తే పెరుగు వేయాలి. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ క్యాప్సైసిన్‌ను పట్టుకుని గ్రాహకాల దగ్గరికి పోనివ్వదు. కొవ్వు కూడా కొంత సాయపడుతుంది గాని, వెన్న తీసిన పాలు సైతం మంటను తగ్గిస్తాయి. ఈ కూరకు అరకప్పు కమ్మటి పెరుగు చాలు. ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగును కుతకుతలాడే కూరలో వేస్తే విరిగిపోయి తెల్లటి పలుకులు తేలతాయి. పుల్లటి పెరుగు ఇంకా త్వరగా విరుగుతుంది. విరిగినా పనిచేయడం మానదు గాని, చూడ్డానికి, తినడానికి బాగుండదు. పెరుగును ముందుగా బయటపెట్టి, ఒక చెంచా శనగపిండితో గడ్డల్లేకుండా గిలకొట్టాలి. అందులోనే రెండు గరిటెల వేడి గ్రేవీ కొద్దికొద్దిగా కలిపి, స్టవ్ ఆపిన కూరలో పోయాలి. ఆ తర్వాత పిండి పచ్చివాసన పోయేదాకా సన్నని సెగ మీద మూడు నాలుగు నిమిషాలు కలుపుతూ ఉంచితే సరి. పెరుగు రుచి నచ్చనివారు జీడిపప్పు ముద్ద గాని, చిక్కటి కొబ్బరిపాలు గాని వాడవచ్చు. వీటిలో కేసీన్ ఉండదు, కొవ్వు, చిక్కదనమే పనిచేస్తాయి.

తీపి, పులుపు అన్నిటికంటే చివర. అర చెంచా చక్కెర వేసి, కలిపి, రుచి చూసి ఆగాలి. కూర తియ్యగా ఉందని ఎవరైనా గుర్తుపట్టారంటే అప్పటికే ఎక్కువైనట్టు. నిమ్మరసం కారాన్ని విరిచేస్తుందని చెబుతారు గాని, పులుపుకూ క్యాప్సైసిన్‌కూ మధ్య అలాంటి చర్య ఏదీ జరగదు. పులుపు నాలుక దృష్టిని మళ్లిస్తుంది, అంతే. అదే గ్రాహకం గాఢమైన ఆమ్లానికి కూడా స్పందిస్తుంది కాబట్టి, పులుపు మితిమీరితే మంట పెరగనూవచ్చు. స్టవ్ ఆపాక అర చెక్క నిమ్మరసం చాలు. ఉప్పు అన్నీ కలిశాక చూడాలి. అరకిలో సరుకు చేరింది కాబట్టి కొంచెం పడుతుంది.

చేపల పులుసులో పాలు, పెరుగు ఇమడవు. చింతపండు రసం ఇంకొంచెం, దానికి తగ్గ బెల్లం ముక్క, వేయించిన ఉల్లిపాయ ముద్ద కలిపి మరిగించాలి. అక్కడ తీపి పులుపులు వంటకంలో సహజంగానే ఉండేవి కాబట్టి కాస్త ఎక్కువ పడినా పరాయిగా తోచవు. పప్పుచారుకు ఉడికించిన కందిపప్పు కలపడమే సరైన మార్గం. వేపుడులో నీళ్లకు చోటు లేదు. పుట్నాల పొడి, వేయించిన కొబ్బరి తురుము, లేదా కారం వేయకుండా విడిగా వేయించిన అదే కూర ముక్కలు కలపాలి. ఆవకాయలాంటి నిల్వ పచ్చడి జాడీలో మాత్రం నీళ్లు, పెరుగు, చక్కెర ఏవీ వేయకూడదు. తడి తగిలినా, ఉప్పు పాళ్లు పలచబడినా పచ్చడి బూజు పడుతుంది. కావలసినంత విడిగా తీసుకుని, అన్నంలో ముద్దపప్పు, నెయ్యి ఎక్కువగా కలుపుకుని తినడమే దానికి మార్గం.