ఫోన్ పెట్టేశాక రాయాల్సిన ఉత్తరం

తణుకు దగ్గర పచ్చళ్లు పట్టి ఊళ్లకు పంపే ఒకావిడ ఉన్నారనుకుందాం. ఆవకాయ సీజన్ ముందు సీసాలు సర్దడానికి ఆవిడకు నాలుగు వేల అట్టపెట్టెలు కావాలి. విజయవాడలో పెట్టెలు తయారుచేసే ఫ్యాక్టరీకి ఫోన్ చేశారు. వాళ్లు పెట్టె 36 రూపాయలన్నారు. ఆవిడ 31 అన్నారు. పావుగంట బేరం నడిచాక అక్కడి మేనేజరు, "సరే మేడమ్, మీ మాటా నా మాటా కాకుండా 33కి చేసుకుందాం. సగం ఏప్రిల్ 10కి, మిగతా సగం 25కి ఇచ్చేస్తాం. డబ్బుదేముంది, నెలలో ఇద్దురుగాని" అన్నారు. ఇద్దరూ సంతోషంగానే ఫోన్ పెట్టేశారు.

ఆవిడ దృష్టిలో 33 అంటే తణుకులో తన షెడ్డు దాకా చేర్చే ధర. ఆయన దృష్టిలో అది ఫ్యాక్టరీ గేటు దగ్గరి ధర. విడతకు రెండు వేల పెట్టెలు తెచ్చే వ్యానుకు కిరాయి ఐదు వేలయితే పెట్టెకు రెండున్నర రూపాయలు పడుతుంది. అంటే పావుగంట బేరమాడి తగ్గించిన మూడు రూపాయల్లో మిగిలేది అర్ధ రూపాయి. ఇందులో ఎవరూ ఎవరినీ మోసం చెయ్యలేదు. బేరమంతా అంకె చుట్టూ తిరిగింది గానీ, ఆ అంకెలో ఏమేం కలిసున్నాయో ఎవరూ అడగలేదు.

నోటిమాట ఒప్పందం మన చట్టం ప్రకారం మామూలుగా చెల్లుతుంది. చిక్కల్లా అనుకోకుండా వదిలేసిన వాటితోనే వస్తుంది. సరుకు ఎక్కడ అప్పగించాలో ముందుగా అనుకోకపోతే, అమ్మే సమయంలో సరుకు ఎక్కడుందో అక్కడే అప్పగించాలని 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం చెబుతుంది. వ్యాను కిరాయి మాట తేలకపోతే ఈ సూత్రం ఫ్యాక్టరీ వైపే మొగ్గుతుంది. పంపాల్సిన సరుకుకు గడువు పెట్టుకోకపోతే "సముచితమైన సమయం"లో పంపితే చాలు. మామిడికాయ కోతకొచ్చిన వారంలో ఆ మాట మీద వాదించుకుంటూ కూర్చోలేం.

అందుకే ఫోన్ పెట్టేసిన గంటలోపే, అడ్వాన్సు పంపక ముందే ఒక ఈమెయిల్ వెళ్లాలి. ఇంగ్లీషులోనే రాయాలన్న నియమం లేదు. ఆవిడ ఇలా రాయొచ్చు:

"మేనేజరు గారికి నమస్కారం. ఈ ఉదయం ఫోన్‌లో మనం అనుకున్నవి రాస్తున్నాను. అర కిలో సీసాలు పన్నెండు పట్టే ఐదు పొరల అట్టపెట్టెలు 4,000. మీరు పంపిన నమూనా కొలతలే, ఆ మందమే. పెట్టె ధర 33 రూపాయలు, జీఎస్టీ అదనం. 2,000 పెట్టెలు ఏప్రిల్ 10కి, 2,000 ఏప్రిల్ 25కి ఇస్తామన్నారు. నెలలో డబ్బు ఇమ్మన్నారు.

మనం తేల్చుకోనివి నాలుగున్నాయి. ఈ ధరలో తణుకు దాకా రవాణా, దింపుడు కూలీ కలిసే ఉన్నాయని నేననుకున్నాను, మీరు చెప్పాలి. తేదీలంటే సరుకు మా షెడ్డుకు చేరే తేదీలేనా? నెల గడువు సరుకు మాకు అందిన రోజు నుంచి లెక్కేనా? పెట్టె మీద మా పేరు అచ్చువేసే బ్లాకు ఖర్చు ఎవరిది? పై వివరాలు సరైనవేనని, ఈ నాలుగింటికి జవాబులు రాసి పంపితే అడ్వాన్సు వేస్తాను."

ఈ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది దాని రెండో భాగం. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. ఫోన్‌లో రాని విషయాన్ని కూడా "అనుకున్నాం" అని రాసేస్తారు, అవతలివాళ్లు గమనించకపోతే మనకే లాభమని. అది నిలవదు. ఫోన్‌లో కుదిరిన మాటను ఉత్తరంలో పెడితే అది జరిగినదానికి రికార్డు. అవతలివాళ్లు అభ్యంతరం చెప్పకుండా సరుకు పంపితే ఆ రికార్డుకు బలం పెరుగుతుంది. ఫోన్‌లో లేని షరతును ఉత్తరంలో చేరిస్తే మాత్రం అది కొత్త ప్రతిపాదన. కొత్త ప్రతిపాదనకు మౌనం అంగీకారం కాదు. "రెండు రోజుల్లో జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే" అని కింద రాసినంత మాత్రాన అవతలివాళ్లు కట్టుబడిపోరు. కాబట్టి కుదిరినవి ఒకవైపు, కుదరనివి ఒకవైపు విడదీసి, జవాబు అడిగి తెప్పించుకోవాలి. "కిరాయి మీదే మేడమ్" అని జవాబొచ్చినా నష్టం లేదు. ఆ పేచీ వ్యాను గుమ్మంలోకి వచ్చాక కాకుండా, ఇంకో ఫ్యాక్టరీని అడిగి చూసుకునే వ్యవధి ఉండగానే బయటపడింది.

డబ్బు గడువు విషయంలో రాతకు ఇంకో ప్రత్యేకమైన బరువుంది. పెట్టెల ఫ్యాక్టరీ ఉద్యమ్‌లో నమోదైన చిన్న పరిశ్రమ అయితే 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం వర్తిస్తుంది. రాతపూర్వకంగా గడువు అనుకుంటే 45 రోజుల దాకా పెట్టుకోవచ్చు. రాత లేకపోతే 15 రోజులే. "నెలలో ఇద్దురుగాని" అన్నది ఫోన్‌లోనే ఉండిపోతే, ఆవిడ ముప్ఫయ్యో రోజున డబ్బు కట్టినా ఆలస్యంగా కట్టినట్టే లెక్క. ఆలస్యానికి రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ అడిగే హక్కు అమ్మినవాళ్లకు ఉంటుంది. పైగా 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, గడువు దాటిన ఇలాంటి బాకీని అసలు డబ్బు కట్టిన ఏడాదిలోనే ఆదాయపు పన్ను లెక్కల్లో ఖర్చుగా చూపుకోవాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో కొనేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవడం అవసరం.

ఈమెయిల్‌తో కుదిరిన ఒప్పందం కోర్టులో నిలుస్తుందా అని సందేహించేవాళ్లకు 2010 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఒకటుంది. ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం కంపెనీల మధ్య బాక్సైట్ కొనుగోలు వ్యవహారమది. సంతకాలతో పూర్తిస్థాయి ఒప్పంద పత్రం కుదరకముందే పేచీ వచ్చింది. ముఖ్యమైన షరతులన్నీ ఈమెయిళ్లలో ఒప్పుకున్నారు కాబట్టి ఒప్పందం కుదిరినట్టేనని కోర్టు చెప్పింది. ఇది రెండువైపులా పదునున్న తీర్పు. "ఓకే, కన్ఫర్మ్" అని రాసేముందు మనం కూడా ప్రతి వరుసా చదవాలి. ఇంకా ఇంట్లోవాళ్లనో, భాగస్వామినో అడగాల్సి ఉంటే, "అడిగి ఖాయం చేస్తాను" అని ఆ ఉత్తరంలోనే రాయాలి.

ఉత్తరం ఎవరికి పంపామన్నదీ చూసుకోవాలి. ఫోన్‌లో బేరమాడిన మనిషికి ఆ ధర ఇచ్చే అధికారం ఉండకపోవచ్చు, వచ్చే నెలకు ఆయన ఉద్యోగం మారిపోనూవచ్చు. అందుకని కంపెనీ చిరునామాకూ ఒక ప్రతి వెళ్లాలి. వాట్సాప్ సందేశం కూడా సాక్ష్యమే గానీ, ఫోన్ పోతేనో, మెసేజ్‌లు వాటంతటవే చెరిగిపోయే సెట్టింగ్ ఉంటేనో దొరకదు. కోర్టు దాకా వెళ్తే ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జతచెయ్యాలి కాబట్టి అసలు ఈమెయిల్‌ను మెయిల్‌బాక్స్‌లోనే ఉంచాలి. ప్రింటు తీసి అసలుదాన్ని చెరిపెయ్యకూడదు.

బేరం కుదిరాక కూడా ఫోన్లు ఆగవు. ఏప్రిల్ 18న మేనేజరు ఫోన్ చేసి, "కాగితం రాలేదు మేడమ్, రెండో విడత 28కి పంపుతాం" అంటారు. ఆవిడ సరేనంటారు. అప్పుడు కొత్త ఉత్తరం మొదలుపెట్టకుండా పాతదానికే జవాబుగా రెండు వాక్యాలు రాస్తే సరిపోతుంది: "మీరు కోరినట్టు రెండో విడత తేదీ ఏప్రిల్ 25 నుంచి 28కి మార్చాం. ధర, మిగతా షరతులు మునుపటివే."