యాభై మందికి ఉప్మా: ఎసరు లెక్క

గ్లాసు రవ్వకి మూడు గ్లాసుల నీళ్ళు. ఉప్మా చేసే చేతులకి ఈ లెక్క అలవాటైపోయి ఉంటుంది. ఇంట్లో ముగ్గురు నలుగురికి చేసినంతకాలం దీంతో పేచీ రాదు. గృహప్రవేశానికో, పెళ్ళివారి విడిదికో పొద్దున్నే యాభై మందికి టిఫిన్ చెయ్యాల్సి వచ్చినప్పుడే చిక్కంతా. అదే లెక్కని ఇరవైతో హెచ్చవేసి, ఇరవై గ్లాసుల రవ్వకి అరవై గ్లాసుల ఎసరు పెడతారు. తీరా చూస్తే ఉప్మా గరిటె మీద నిలవదు. కంగారుపడి ఇంకో రెండు గ్లాసుల రవ్వ పైన చల్లుతారు. అప్పటికే చిక్కబడ్డ ముద్దలో అది కలవదు, పచ్చి ఉండలుగా మిగిలిపోతుంది.

ఇక్కడ తప్పు చేతిది కాదు, హెచ్చవేతది. ఉప్మా అత్తెసరు వంట. గంజి వార్చే పని లేదు, పోసిన నీళ్ళన్నీ రవ్వ తాగాలి, లేదా ఆవిరై పోవాలి. గ్లాసుకి మూడు అని మనం అనే ఆ మూడులో ఈ రెండు ఖర్చులూ కలిసే ఉన్నాయి. పావు లీటరు గ్లాసు లెక్కన చూస్తే, వేయించిన బొంబాయి రవ్వ గ్లాసుడు మెత్తగా ఉడకడానికి దాదాపు రెండున్నర గ్లాసుల నీళ్ళు తాగుతుంది. మిగిలిన అర గ్లాసూ ఎసరు మరిగేటప్పుడు, రవ్వ ఉడికేటప్పుడు గాల్లోకి పోతుంది. రవ్వ తాగే నీళ్ళు రవ్వతో పాటే పెరుగుతాయి: గ్లాసుకి రెండున్నర అయితే ఇరవై గ్లాసులకి యాభై. ఆవిరయ్యే నీళ్ళు అలా పెరగవు. వాటికి రవ్వ ఎంతన్నది పట్టదు. నీటి పైభాగం ఎంత వెడల్పుగా ఉంది, మంట ఎంత, ఎంతసేపు మరిగింది, మూత ఉందా లేదా అన్నవే దానికి లెక్క. ఇరవై రెట్లు వండితే గిన్నె మూతి ఇరవై రెట్లు పెరగదు కదా.

యాభై మంది లెక్కే పూర్తిగా వేసి చూద్దాం. టిఫిన్‌లో ఉప్మాయే ప్రధానం అనుకుంటే మనిషికి 70 గ్రాముల రవ్వ సరిపోతుంది. ఇడ్లీయో వడో పక్కన ఉంటే 50 చాలు. 70 చొప్పున మూడున్నర కిలోలు. పావు లీటరు గ్లాసులో రవ్వ సుమారు 175 గ్రాములు పడుతుంది కాబట్టి ఇది ఇరవై గ్లాసులు, అంటే ఐదు లీటర్ల కొలత. రవ్వ తాగడానికి పన్నెండున్నర లీటర్లు. ఆవిరికి, గుండిగ మీద మూత ఉంచి ఎసరు కాచి, మరగగానే రవ్వ పోసేటట్టయితే, ఒక లీటరు. మొత్తం పదమూడున్నర. ఇంటి లెక్కన పోసి ఉంటే పదిహేను లీటర్లు అయ్యేది. తేడా లీటరున్నరే అనిపిస్తుంది గానీ, అరిటాకు మీద ఉప్మా కుదురుగా కూర్చోవడానికీ పక్కనున్న చట్నీలోకి జారిపోవడానికీ ఆ తేడా చాలు.

రవ్వని కొలతతో కొలిస్తే నీళ్ళనీ అదే కొలతతో కొలవాలన్నది చిన్న మాటే. కానీ సంతర్పణల్లో లెక్క ఎక్కువగా తప్పేది ఇక్కడే. కొట్టులో రవ్వ కిలోల్లో కొంటాం, నీళ్ళు బిందెల్లో పోస్తాం. కిలో రవ్వ అంటే లీటరు రవ్వ కాదు, లీటరుకి దాదాపు మరో నాలుగొందల మిల్లీలీటర్లు ఎక్కువ. కిలోకి మూడు లీటర్లు అని పోసినవాళ్ళకి ఉప్మా బిరుసుగా, పొడిగా వస్తుంది. పెద్ద వంటలో కిలోకి మూడు లీటర్ల ఎనిమిది వందల దాకా నీళ్ళు పడతాయని గుర్తు పెట్టుకుంటే గ్లాసులతో పని ఉండదు.

టమాటా ఉప్మా అయితే ఇంకో చిన్న దిద్దుబాటు ఉంది. టమాటాలో తొంభై శాతానికి పైగా నీరే. కిలో టమాటా ముక్కలు పోపులో మగ్గితే ముప్పావు లీటరు ఎసరు తగ్గించుకోవచ్చు. ఉల్లిపాయలు నూనెలో బాగా వేగితే వాటి నీరు అక్కడే ఇగిరిపోతుంది కాబట్టి వాటిని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

పెద్ద వంటలో నీళ్ళ లెక్కని తారుమారు చేసే ఇంకో సంగతి, ఎసరు ముందే పెట్టేయడం. పురోహితుడు ఇంకా రాలేదు, వ్రతం పూర్తి కాలేదు, ఎసరు మాత్రం అరగంటగా తెరలుతూనే ఉంటుంది. పెద్ద పొయ్యి మీద మూత లేకుండా అరగంట మరిగితే రెండు మూడు లీటర్లు కనపడకుండా పోతాయి. నీళ్ళు పోయగానే తెడ్డు కాడని గుండిగలో నిలువుగా ముంచి, తడిసిన మట్టం దగ్గర గాటు పెట్టడమో దారం కట్టడమో చెయ్యాలి. రవ్వ పోసే ముందు మళ్ళీ ముంచి చూస్తే ఎంత తగ్గిందో తెలిసిపోతుంది. అంతమేరకు వేడినీళ్ళు కలిపితే సరి. ఉప్పు కూడా అప్పుడే చూడాలి, ఎసరు నాలుకకి కాస్త ఎక్కువ ఉప్పగా తగలాలి. మూడున్నర కిలోల రవ్వకి తొంభై గ్రాములతో మొదలుపెట్టి రుచి చూసుకుంటూ పెంచడం మంచిది.

ఇక రవ్వ పోయడం. ఇంట్లో ఒక చేత్తో పోస్తూ ఒక చేత్తో కలుపుతాం, అర నిమిషంలో అయిపోతుంది. ఐదు లీటర్ల రవ్వకి ఇద్దరు మనుషులు ఉండాలి, ఒకరు పోయడానికి, ఒకరు తెడ్డు తిప్పడానికి. సన్నటి ధారగా పోయాలి, ఆపకూడదు. రవ్వ గుంపుగా పడితే పైపొర వెంటనే వేడినీటికి ఉడికి జిగురు కట్టేస్తుంది, లోపలి రవ్వకి నీరు అందదు. ఉండ అంటే ఇదే. రవ్వని ముందుగా నేతిలోనో నూనెలోనో కమ్మటి వాసన వచ్చేదాకా వేయించితే ప్రతి గింజకీ జిడ్డు పట్టి, జిగురు త్వరగా పైకి రాదు, విడివిడిగా కలుస్తుంది. అయితే మూడున్నర కిలోలని ఒకేసారి వేయిస్తే అడుగున ఎర్రబడుతుంది, పైన పచ్చిగా ఉంటుంది. కిలో చొప్పున వేయించుకోవాలి. ఈ పని ముందురోజు రాత్రే చేసి పెట్టుకోవచ్చు.

రవ్వ సగం పడేసరికే గుండిగలో చిక్కదనం మొదలవుతుంది. అక్కడి నుంచి మంట బాగా తగ్గించాలి. పల్చటి నీరు తనంతట తాను కింద నుంచి పైకి తిరుగుతుంది కాబట్టి అడుగంటదు. ముద్ద అలా తిరగదు, అడుగున ఉన్నది అక్కడే ఉండి మాడుతుంది. తెడ్డు అడుగు తగిలేలా తిప్పుతూ, రవ్వ అంతా కలిశాక మూతపెట్టి నాలుగైదు నిమిషాలు సన్నటి సెగ మీద ఉంచి పొయ్యి కట్టేయాలి. పదిహేడు పద్దెనిమిది కిలోల ముద్ద అది. దాని వేడి తొందరగా పోదు, పొయ్యి ఆపాక కూడా పావుగంట సేపు లోపల ఉడుకుతూనే ఉంటుంది. ఇంట్లోలాగా మంట మీదే పూర్తిగా ఉడకనివ్వాలని చూస్తే అడుగు మాడు, పైన ముద్ద రెండూ ఖాయం.

ఇంతా చేసి పొయ్యి కట్టేసే వేళకి ఉప్మా మనం తినే పాకం కన్నా ఒక మెట్టు జారుగా ఉండాలి. ఇంట్లో దింపిన ఐదు నిమిషాల్లో తినేస్తాం. పంక్తిలో చివరివాళ్ళ దాకా వెళ్ళేసరికి ముప్పావుగంట పడుతుంది. ఈలోగా రవ్వ మిగిలిన తడిని కూడా లాగేసుకుంటుంది, చల్లబడే కొద్దీ ఉడికిన పిండిపదార్థం గట్టిపడుతుంది. గరిటెతో ఎత్తి వంచినప్పుడు ఉప్మా ఒక్కసారిగా పడకుండా, ధారగా కారకుండా, నెమ్మదిగా ముద్దగా జారితే సరిగ్గా ఉన్నట్టు. దీనికోసం ఎసరులో ముందే నీళ్ళు పెంచడం కన్నా, పక్క పొయ్యి మీద రెండు లీటర్ల నీళ్ళు మరుగుతూ ఉంచుకోవడం మేలని నా అభిప్రాయం. గట్టిపడుతోందనిపిస్తే ఆ మరిగే నీళ్ళు అర లీటరు, ఒక గరిటె నెయ్యి అంచుల వెంట పోసి కింద నుంచి పైకి తిరగేస్తే మళ్ళీ మెత్తబడుతుంది. చన్నీళ్ళు పోస్తే మాత్రం పైన తడి, లోపల గడ్డ. ఎక్కువైన నీళ్ళని తీసే దారి లేదు, తక్కువైనవి పోసే దారి ఉంది.

బియ్యపు రవ్వ, గోధుమ రవ్వ తాగే నీళ్ళు వేరు. ఇంట్లో మీకు కుదిరిన కొలతలోంచి ఆవిరికి పోయే అర గ్లాసు తీసేసి, మిగిలినదాన్నే హెచ్చవేస్తే వాటికీ ఇదే పద్ధతి పనిచేస్తుంది.

అటుకుల సంగతికొస్తే ఎసరే లేదు. వడ్లని నానబెట్టి, వేయించి, దంచితే అటుకులవుతాయి, అంటే అవి ఇంటికి వచ్చేసరికే ఉడికినవి. మళ్ళీ తడి ఇవ్వడమే మన పని, దానికి చన్నీళ్ళే చాలు. మందపాటి అటుకులు కిలోకి ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా నీరు పీలుస్తాయి. అయినా ఇక్కడ కొలత కన్నా తడిపే తీరే ముఖ్యం. యాభై మందికి మూడు కిలోల అటుకులు తెచ్చి ఒకే టబ్బులో నీళ్ళు పోశారనుకోండి. అడుగున ఉన్నవి పైవాటి బరువుకి నలిగి పిండవుతాయి, పైన ఉన్నవి పలుకుగానే ఉంటాయి. అరకిలో చొప్పున చిల్లుల గిన్నెలో వేసి, మీద నుంచి నీళ్ళు పోస్తూ అర నిమిషం చేత్తో తిరగేసి, గిన్నెని ఏటవాలుగా పెట్టి వడకట్టాలి. తర్వాత తడి గుడ్డ మీద పల్చగా పరిచి పది నిమిషాలు వదిలేయాలి. పైన ఉన్న తడి ఈలోగా గింజ లోపలికి దిగుతుంది. ఒక అటుకు తీసి వేళ్ళ మధ్య నొక్కితే పలుకు తగలకుండా మెదిగిపోవాలి, నొక్కక ముందు మాత్రం ఆకారం చెడకూడదు. పలుకు తగిలితే ఇంకో చిలకరింపు. పల్చటి అటుకులు ఇంత నీటిని ఓర్చుకోవు, వాటికి చిలకరింపే, అందుకే పెద్ద వంటకి మందపాటివే కొనాలి.

వేచి ఉండే సమయం కూడా అటుకుల మీద తిరగబడి పనిచేస్తుంది. ఉప్మా గట్టిపడితే అటుకులు ఆరిపోతాయి. పొద్దున్నే వీధివీధినా పోహా అమ్మే ఇందోర్‌లో దీనికి మంచి ఉపాయం ఉంది. మరుగుతున్న నీళ్ళ గిన్నె మీద పోహా గిన్నె పెట్టి ఆవిరి మీదే ఉంచుతారు, మంట నేరుగా తగలదు. అందుకే ఎంతసేపైనా మెత్తగా ఉండి, సేవ్, జీరావన్ మసాలా చల్లి ఇచ్చేటప్పుడు కూడా పొగలు కక్కుతుంటుంది. ఇంట్లో ఇడ్లీ పాత్రలో నీళ్ళు మరిగించి, దాని మీద అటుకుల గిన్నె కూర్చోబెట్టి, తడి గుడ్డ కప్పినా అదే పని జరుగుతుంది. నిమ్మరసం మాత్రం వడ్డించే ముందు, ఏ గిన్నెకా గిన్నెకే పిండుకోవాలి. ముందే పిండి ఆవిరి మీద ఉంచితే పులుపు వాసన పోయి చేదు తేలుతుంది.