ఇన్‌స్టాలో పెట్టిన పాట ఫేస్‌బుక్‌లో ఎందుకు వినిపించదు?



మన పూర్వ విద్యార్థులు అమరాపురం, మడకశిర, హిందూపురం, బెంగళూరుల్లో ఉన్నారు. చిన్నవారు ఇన్‌స్టాగ్రామ్ చూస్తారు, పెద్దవారిలో చాలామంది ఫేస్‌బుక్ చూస్తారు. అందుకని వార్షికోత్సవ ఆహ్వానాన్ని ఒకచోట పెట్టి రెండు చోట్లకూ పంపుతుంటాం. అది ఎలా వెళ్తుందో, దారిలో ఏం జారిపోతుందో చూద్దాం.

ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగ్స్‌లో "Accounts Center" ఉంటుంది. అక్కడ ఫేస్‌బుక్ ఖాతాను కలిపి, "Sharing across profiles"లో స్టోరీ, రీల్ వేటిని పంపాలో ఎంచుకోవాలి. ఆ తర్వాత మనం ఒకసారి పోస్ట్ చేస్తే ఫేస్‌బుక్‌లో రెండో ప్రతి తయారవుతుంది. అది నీడ కాదు, వేరే ప్రతి. కాబట్టి ఇక్కడ తప్పు దిద్దినా అక్కడ దిద్దినట్టు కాదు. ఇక్కడ తీసేసినా అక్కడికి వెళ్లి మళ్లీ తీసేయాలి. ఫేస్‌బుక్ స్టోరీని ఎవరు చూడాలన్నది కూడా ఫేస్‌బుక్‌లోని సెట్టింగే నిర్ణయిస్తుంది. ఆడపిల్లల ఫోటోలు పెట్టేటప్పుడు ఇది ముందుగా చూసుకోవాలి.

ఇక ఒక ఆహ్వాన స్టోరీని తీసుకుందాం. హాస్టల్ ఫోటో, దానిపై టైపు చేసిన తేదీ, ఒక సినిమా పాట, "వస్తారా?" అనే పోల్ స్టిక్కర్ ఉన్నాయనుకోండి. ఫోటో, తేదీ బొమ్మలో కలిసిపోతాయి కనుక క్షేమంగా చేరతాయి. పాట అలా కాదు. అది బొమ్మలో కలవదు, లైబ్రరీ నుంచి పక్కన వినిపిస్తుంది. ఆ పాటపై హక్కులు దేశాన్ని బట్టి, ఖాతా రకాన్ని బట్టి మారతాయి. బిజినెస్ ఖాతాలకు చాలా సినిమా పాటలు దొరకవు. హక్కు లేనిచోట పాట ఆగిపోతుంది. పోల్ స్టిక్కర్ కనిపించినా నొక్కితే పనిచేయకపోవచ్చు. అప్పుడు ఫేస్‌బుక్‌లో చూసిన అన్నలు "వస్తాం" అన్నా మన లెక్కలోకి రాదు, భోజనాల లెక్క తప్పుతుంది. "@"తో రాసిన పేరు కూడా అక్కడ ఉత్త అక్షరాలుగా మిగిలిపోవచ్చు.

వాట్సాప్ సంగతి వేరు. లైబ్రరీ పాటతో చేసిన రీల్‌ను ఫోన్‌లో సేవ్ చేసి పంపితే తరచూ బొమ్మ కదులుతుంది, పాట ఉండదు. ఫైలుకు బదులు లింకు పంపితే రీల్ ఇన్‌స్టాగ్రామ్‌లోనే తెరుచుకుంటుంది, పాట వినిపిస్తుంది. కానీ ఖాతా ప్రైవేటుదైతే మనల్ని అనుసరించేవారికే తెరుచుకుంటుంది.

కాబట్టి తేదీ, సమయం, స్థలం స్టిక్కర్లలో కాక అక్షరాల్లోనే రాయండి. వచ్చేవారి సంఖ్య కావాలంటే ఎవరికి ఫోన్ చేయాలో కూడా అక్కడే రాయండి. పాటకు బదులు మన పిల్లల చెక్కభజననే ఫోన్‌తో రికార్డు చేస్తే ఆ శబ్దం వీడియోలోనే ఉంటుంది కనుక వీడియోతో పాటే వెళ్తుంది. పోస్ట్ చేశాక మరొకరి ఫోన్‌లో ఫేస్‌బుక్ తెరిచి, శబ్దం పెంచి ఒకసారి చూడండి. మన ఫోన్‌లో ఇన్‌స్టాగ్రామ్ బాగుందంటే అవతల కూడా బాగున్నట్టు కాదు.