మిలాన్‌లో హీటర్ ఆగితే యజమానికి రాసే ఉత్తరం

మిలాన్‌లో చాలా అద్దె ఇళ్లను వెచ్చగా ఉంచేది గోడకు బిగించిన గ్యాస్ బాయిలర్. అక్కడివాళ్లు దాన్ని ‘కల్దాయా’ అంటారు. అందులో కాగిన నీళ్లు గొట్టాల గుండా గదుల్లోని రేడియేటర్లకు చేరతాయి. చలికాలంలో అది ఆగిపోతే యజమానికి చెప్పాల్సిందే. అయితే ఆ మాట ఎలా రాశామన్నదాన్ని బట్టి చాలా తేడా వస్తుంది.

వరంగల్ నుంచి చదువుకోవడానికి వెళ్లిన ఒక అమ్మాయి గదిలో సోమవారం నుంచి రేడియేటర్లు చల్లబడిపోయాయనుకుందాం. ఆమె ముందుగా బాయిలర్ మీది ప్రెషర్ మీటర్ చూడాలి. నీళ్లు చల్లగా ఉన్నప్పుడు ముల్లు సుమారు 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి. బాగా పడిపోతే బాయిలర్ తనంతట తానే ఆగిపోతుంది. నీళ్లు నింపినా రెండు రోజుల్లో ముల్లు మళ్లీ దిగిందంటే ఎక్కడో నీళ్లు కారుతున్నట్టు. ఆ సంగతీ, తెర మీద కనిపించే ఎర్రర్ కోడూ ఉత్తరంలో ఉంటే మెకానిక్‌కు పని సులువవుతుంది.

ఉత్తరం ‘జెంతీలే సిన్యోరా’ అని మొదలవుతుంది. తర్వాత ‘లె స్క్రీవో పెర్ సెన్యలార్లె కె లా కల్దాయా నొన్ ఫున్‌త్సియోనా దా లునెదీ’, అంటే సోమవారం నుంచి బాయిలర్ పనిచేయడం లేదని మీ దృష్టికి తేవడానికి రాస్తున్నాను. స్నేహితులతో వాడే ‘తూ’ ఇక్కడ పనికిరాదు. మన ‘మీరు’ లాగా ‘లేయి’ వాడాలి. ‘మెకానిక్‌ను పంపండి’ అని సూటిగా అనడం కంటే ‘లె సరేయి గ్రాతా సె పొతెస్సె మందారె ఉన్ తెక్నికో’ అంటే బాగుంటుంది: మెకానిక్‌ను పంపగలిగితే కృతజ్ఞురాలినై ఉంటాను. రాసేది మగవాడైతే ‘గ్రాతా’ బదులు ‘గ్రాతో’. చివర ‘కొర్దియాలి సలూతి’.

ఇంత మెత్తగా రాసినా ఉత్తరం బలం తగ్గదు, ఎందుకంటే దాని వెనక చట్టం ఉంది. ఇటలీ సివిల్ కోడ్ 1576వ అధికరణం ప్రకారం చిన్నచిన్న నిర్వహణ పనులు అద్దెదారువి, మిగతా అవసరమైన మరమ్మతులు యజమానివి. యజమాని చేయించాల్సిన మరమ్మతు ఏదైనా ఉంటే ఆ సంగతి తెలియజేయడం అద్దెదారు బాధ్యతని 1577 చెబుతుంది. పని అత్యవసరమైతే అద్దెదారే చేయించి ఖర్చు తిరిగి అడగవచ్చు, కానీ అదే సమయంలో యజమానికి తెలియజేసి ఉండాలి. అందుకే ఉత్తరంలో తేదీ ముఖ్యం. జవాబు రాకపోతే అదే ఉత్తరాన్ని అందినట్టు రసీదు వచ్చే రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. దాన్ని ‘రక్కొమందాతా’ అంటారు.

కోపంతో అద్దె ఆపేయడం మాత్రం ప్రమాదం. ఇల్లు ఇంకా వాడుకుంటూ సొంత నిర్ణయంతో అద్దె తగ్గించుకుంటే, బాకీ పడ్డారంటూ ఖాళీ చేయించే కేసు వేసే అవకాశం యజమానికి దొరుకుతుంది. అద్దె కడుతూనే ఉండి, ఉత్తరం నకలు, పోస్టు రసీదు, మెకానిక్ బిల్లు దాచుకోవాలి.