ఎండలో వాచీ కనబడాలి, రెండో సాయంత్రం దాకా చార్జింగు ఉండాలి

మా సంఘం కార్యాలయానికి వచ్చే పెద్దలు, పిల్లలు కొనిచ్చిన స్మార్ట్‌వాచీ గురించి ఈమధ్య రెండు ఫిర్యాదులు తెస్తున్నారు. ఎండలోకి వెళ్తే తెర మీద ఏమీ కనబడదు. మర్నాడు మధ్యాహ్నానికే చార్జింగు అయిపోతుంది. మొదటిదానికి మందుగా చాలామంది తెర ఎప్పుడూ వెలిగే ఉండే సదుపాయం పెట్టుకుంటున్నారు. సెట్టింగుల్లో దాని పేరు Always On Display. రెండో ఫిర్యాదుకు చాలావరకు కారణం ఆ మందే. పైగా ఎండలో అది పనికి రాదు కూడా.

ఎందుకంటే, మనం చేయి దించి ఉన్నంతసేపూ వాచీ ఆ తెరను బాగా మసకగానే ఉంచుతుంది. చాలా వాచీల్లో సెకన్ల ముల్లు కూడా తీసేసి గంటలు, నిమిషాలే చూపిస్తుంది. ఇంట్లో ఆ వెలుగు సరిపోతుంది. నడి ఎండ వెలుగు గదిలో వెలుగుకు కొన్ని వందల రెట్లు. అది అద్దం మీద పడి మన కంట్లోకే తిరిగొస్తుంటే మసక అంకెలు ఎక్కడ కనబడతాయి? ఎండలో ఎలాగూ చేయి ఎత్తి తెరను పూర్తిగా వెలిగించుకునే చూస్తాం. అందుకు ఈ సదుపాయం అక్కర్లేదు.

దాని ఖర్చెంతో ఒక లెక్కలో చూద్దాం. శాంసంగ్ కంపెనీ 2023లో తెచ్చిన గెలాక్సీ వాచ్6కి, ఈ సదుపాయం ఆపితే 40 గంటల దాకా, పెడితే 30 గంటల దాకా చార్జింగు ఉంటుందని కంపెనీయే చెప్పింది. సోమవారం ఉదయం 6 గంటలకు పూర్తి చార్జింగుతో చేతికి పెట్టుకున్నారనుకోండి. 40 గంటలంటే మంగళవారం రాత్రి 10 దాకా. 30 గంటలంటే మంగళవారం మధ్యాహ్నం 12 దాకా. మనం వాడేటప్పుడు రెండూ ఇంకాస్త తగ్గుతాయి. పెద్దవారు పడిపోతే ఇంట్లోవారికి కబురు అందుతుందనే కదా పిల్లలు ఆ వాచీ కొనిచ్చింది? మంగళవారం సాయంత్రం నడకలో అది చేతికి ఉండి కూడా లేనట్టే.

కాబట్టి సెట్టింగుల్లో Display లోకి వెళ్లి Always On Display ఆపేయండి. అక్కడే చేయి ఎత్తితే తెర వెలిగే ఏర్పాటు ఉంటుంది, దాన్ని పెట్టుకోండి. దాని పేరు ఒక్కో వాచీలో ఒక్కో రకంగా ఉంటుంది. చేతికర్ర పట్టుకునో, చేయి నొప్పి వల్లో మణికట్టు తిప్పలేనివారు మాత్రం ఎప్పుడూ వెలిగే తెరనే ఉంచుకుని, రోజూ స్నానానికి వెళ్లేటప్పుడు చార్జింగు పెట్టుకోవడం మేలు.

ఇక తెర మీద బొమ్మ, అంటే వాచ్ ఫేస్. మనవల ఫోటో పెట్టుకుంటే ముచ్చటగానే ఉంటుంది కానీ, ఎండలో అంకెలు ఆ ఫోటోలో కలిసిపోతాయి. నల్లటి నేల మీద తెల్లటి లేదా పసుపుపచ్చని లావు అంకెలు ఉన్నది ఎంచుకోండి. నల్లటి నేల మీద నీలం, ముదురు ఎరుపు అంకెలు కంటికి ఆనవు.

నలుపు వల్ల చార్జింగు కూడా మిగులుతుందా అన్నది తెర రకాన్ని బట్టి ఉంటుంది. అమోలెడ్ తెరలో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది. నల్లగా ఉన్న చోట చుక్క ఆరిపోయి ఉంటుంది కాబట్టి అక్కడ ఖర్చు లేదు. చౌక వాచీల్లో తరచుగా ఉండే ఎల్‌సీడీ తెరలో వెనక దీపం మొత్తంగా వెలుగుతుంది, నలుపు పెట్టినా ఖర్చు అంతే. మీది ఏదో తెలియాలంటే రాత్రి దీపాలార్పి నల్లటి బొమ్మ పెట్టి చూడండి. నలుపు చీకట్లో కలిసిపోతే అమోలెడ్. బూడిద రంగులో మెరుస్తుంటే ఎల్‌సీడీ.

వెలుగును తనంతట తానే మార్చుకునే ఏర్పాటు వాచీలో ఉంటే దానికే వదిలేయండి. ఎప్పుడూ ఎక్కువలో ఉంచితే ఇంట్లో కూర్చున్నప్పుడూ ఖర్చే. ఆ ఏర్పాటు లేని వాచీలో ఎండలోకి వెళ్లేముందు పెంచి, ఇంటికొచ్చాక తగ్గించాలి. బళ్లారి, బరంపురం ఎండల్లో వాచీ బాగా వేడెక్కితే తెర తానే మసకబారవచ్చు. కాసేపు నీడలో ఉంచితే మామూలవుతుంది. కూలింగ్ గ్లాసులు పెట్టుకున్నప్పుడు ఒక కోణంలో మాత్రమే తెర నల్లబడితే లోపం వాచీది కాదు, ఆ అద్దాల పూత వల్ల అలా అవుతుంది. మణికట్టు కొంచెం తిప్పితే కనబడుతుంది.

మార్పులు చేసేముందు రెండు రోజులు, చేశాక రెండు రోజులు రాత్రి పడుకునేటప్పుడు ఎంత శాతం మిగిలిందో క్యాలెండరు మీద రాసుకోండి. చార్జింగు మాత్రం రోజూ ఒకే వేళకు పెట్టాలి. తేడా ఆ నాలుగు అంకెల్లోనే తెలుస్తుంది.