పదివేలమంది సైన్యం, 16 మిల్లీసెకన్లు

2017లో ఆస్టిన్‌లో జరిగిన యునైట్ సదస్సులో యూనిటీ సంస్థ, నోర్డియస్ అనే ఆటల సంస్థతో కలిసి ఒక యుద్ధ దృశ్యం చూపించింది. తెర నిండా వేలమంది సైనికులు పరిగెడుతున్నారు, కొట్టుకుంటున్నారు, కూలుతున్నారు. అయినా ఆట ఎక్కడా నత్తనడక పట్టలేదు.

మామూలు పద్ధతిలో ఎందుకు నడవదో లెక్క చూద్దాం. పదివేలమంది, ఒక్కొక్కరికి 60 ఎముకలు అనుకుంటే ప్రతి ఫ్రేములో 6 లక్షల ఎముకలు ఎక్కడున్నాయో తేల్చాలి. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే మొత్తం పనికి దొరికేది సుమారు 16.6 మిల్లీసెకన్లు. సైనికుడి వాటాకు రెండు మైక్రోసెకన్లు కూడా రావు. ఆ కాస్త సమయంలోనూ ఎక్కువ భాగం ఎదురుచూపులకే పోతుంది. ఒక్కో సైనికుడి సమాచారం మెమరీలో ఒక్కోచోట పడి ఉంటే ప్రాసెసర్ ప్రతిసారీ ర్యామ్ దాకా వెళ్లాలి. పక్కనున్న క్యాష్‌లో ఒకటి రెండు నానోసెకన్లలో దొరికేది, అక్కడ వందదాకా తీసుకుంటుంది.

ఎంటిటీ పద్ధతిలో సైనికుడంటే ఒక నంబరు, అంతే. అతని స్థానం, వేగం, యానిమేషన్ సమయం వేర్వేరు వరసల్లో ఉంటాయి. పెళ్లి బంతిలో సాంబారు బకెట్ పట్టుకున్నవాడు ఆ చివరిదాకా సాంబారే వడ్డించుకుంటూ పోయినట్టు, ఒక్కో సిస్టమ్ తనకు కావలసిన వరసనే చదువుకుంటూ పోతుంది. ప్రాసెసర్ ఒకసారికి 64 బైట్లు తెచ్చుకుంటుంది కాబట్టి, ఒక్క రాకలో 16 మంది సమయాలు చేతికొస్తాయి.

ఎముకల లెక్క మాత్రం ఇంకా మిగిలే ఉంది. దాన్ని ఆట మొదలుకాక ముందే చేసిపెడతారు. ఒక సెకను పరుగును 30 భంగిమలుగా తీసుకుని, ఎముకకు మూడు పిక్సెళ్ల చొప్పున ఒక టెక్స్చర్‌లో రాసేస్తే 5,400 పిక్సెళ్లు, దాదాపు 43 కిలోబైట్లు. పదివేలమందికీ ఆ ఒక్క బొమ్మే చాలు. ఏ కదలిక, ఎన్నో క్షణం అన్న రెండు అంకెలనే ప్రాసెసర్ పంపుతుంది. భంగిమ చదివి ఒళ్లు వంచే పని గ్రాఫిక్స్ చిప్‌ది. అందరికీ ఒకే ప్రారంభ సమయం ఇస్తే మాత్రం సైన్యమంతా కవాతు చేస్తుంది. తలా కాస్త తేడా పెట్టాలి.

ఈ పద్ధతికి దెబ్బ తగిలే చోటు చావు. సైనికుడు కూలగానే అతనికి ‘మృతుడు’ అనే కొత్త కాంపొనెంట్ తగిలిస్తే, యూనిటీలో అతని సమాచారమంతా వేరే 16 కిలోబైట్ల చంక్‌లోకి తరలాలి. ఒకే ఫ్రేములో వందలమంది పడితే ఆట కుదుపుకు లోనవుతుంది. ప్రొఫైలర్‌లో గీత సరిగ్గా ఆ క్షణాల్లోనే పైకి లేస్తుంటే కారణం బహుశా ఇదే. ఆ కాంపొనెంట్‌ను అందరికీ ముందే ఇచ్చి, ఆపివుంచి, అవసరమైనప్పుడు ఆన్ చేస్తే తరలింపు ఉండదు.

ఇక నేల ఎత్తుపల్లాలకు తగ్గట్టు పాదం మోపడం, దెబ్బ తగిలిన వైపుకు ఒరగడం ముందే రాసిన భంగిమలతో కుదరవు. అందుకే కెమెరా దగ్గరున్న కొద్దిమందికి నిజమైన అస్థిపంజరం ఇచ్చి, దూరంగా ఉన్న మందకు టెక్స్చర్‌తో సరిపెడతారు.